ఆఫీసు ఫోను పోయింది: ముందు సిమ్ ఆపించాలా, ఫోనుకు తాళం వేయించాలా?

గుత్తి ప్రయాణికుడు: నిన్న కర్నూలు నుంచి అనంతపురం వెళ్లే బస్సులో కంపెనీ ఫోను పోయింది. అందులో అప్పు తీసుకున్నవారి ఆధార్ నకళ్లు ఉన్నాయి. డోన్ దగ్గర 4.10కి చివరిగా మాట్లాడాను. గుత్తిలో 5.25కి జేబు తడిమితే లేదు. ఆఫీసు ఫారంలో "పోయిన సమయం" అని ఒకే గడి ఉంది. ఏ సమయం రాయాలి? సిమ్ మాత్రం వెంటనే ఆపించేశాను.

కడప రమణి: మా అమ్మ ఫోను పోయినప్పుడు సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఫోను గుర్తింపు సంఖ్య ఐఎంఈఐ ఇచ్చి బ్లాక్ చేయించాం. పోలీసు ఫిర్యాదు నకలు అడుగుతారు. అది చేస్తే చాలు, సమాచారం భద్రం.

పన్నెండేళ్ల అడ్మిన్: చాలదమ్మా. ఆ బ్లాక్ మొబైల్ నెట్‌వర్క్‌ను మాత్రమే ఆపుతుంది. లోపలి ఫైళ్లు అలాగే ఉంటాయి, వైఫై పనిచేస్తుంది. పన్నెండేళ్లుగా కంపెనీ ఫోన్లు చూస్తున్నాను. ఈయన చేసిన తప్పు సిమ్ ముందుగా ఆపించడం. కంపెనీ దూరం నుంచి పంపే తాళం ఆదేశం ఇంటర్నెట్ ద్వారానే ఫోనుకు చేరాలి. సిమ్ ఆగితే డేటా ఆగింది, ఆదేశం దారిలోనే నిలిచిపోయింది.

ఆదోని బ్యాంకు మిత్ర: తప్పంటారా? ఓటీపీలు ఆ సిమ్‌కే వస్తాయి! మా ఊళ్లో ఒకాయన సిమ్ ఆపించడం గంట ఆలస్యం చేసి ఖాతా మొత్తం పోగొట్టుకున్నాడు. మీ తాళం కోసం ఆయన డబ్బు పణంగా పెట్టాలా?

పన్నెండేళ్ల అడ్మిన్: గంట ఆగమని నేనెక్కడ అన్నాను? తాళం ఆదేశం పంపి, తెరమీద "చేరింది" అని కనిపించగానే సిమ్ ఆపించమంటున్నాను. ఫోను ఆన్‌లో ఉంటే నిమిషాల పని. ఆఫ్‌లో ఉంటే ఎదురుచూడకుండా సిమ్ ఆపించేయాలి.

ఆదోని బ్యాంకు మిత్ర: ఆ మాట ముందే చెప్పవలసింది.

గుత్తి ప్రయాణికుడు: మా వాళ్ల తెరమీద ఇంకా "పెండింగ్" అనే ఉంది. మొత్తం చెరిపేయమని అడగనా? ఇంతకీ సమయం సంగతి ఎవరూ చెప్పలేదు.

పన్నెండేళ్ల అడ్మిన్: రెండు సమయాలూ రాయండి: "4.10కి చివరిగా వాడాను, 5.25కి లేదని గమనించాను". ఒక్క 5.25 రాస్తే, మధ్యలో ఎవరైనా ఫైళ్లు తెరిచి ఉంటే అది మీ వాడకంగానే లెక్కకొస్తుంది. 5.25 కూడా ముఖ్యమే. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సమాచారం బయటపడిన ఘటనను గమనించిన 6 గంటల్లోగా కంపెనీ ఆ సంస్థకు తెలియజేయాలి. మీ కేసు ఆ కోవలోకి వస్తుందో లేదో కంపెనీ తేల్చాలి. మీరు దాచకూడదు. ఇక చెరిపే ఆదేశం కూడా ఇంటర్నెట్ వస్తేనే చేరుతుంది. చెరిగాక ఫోను ఎక్కడుందో కంపెనీకి కనిపించదు. పిన్ ఎన్ని అంకెలు?

గుత్తి ప్రయాణికుడు: నాలుగు. పుట్టిన సంవత్సరం.

పన్నెండేళ్ల అడ్మిన్: అది ఎవరైనా ఇట్టే ఊహిస్తారు. అయితే ఫోను మీద ఆశ వదలండి. చెరిపే ఆదేశం ఇప్పుడే పెట్టించండి, ఆ ఫోనులో ఉన్న ఆఫీసు ఖాతా పాస్‌వర్డు కూడా మార్పించండి.

కడప రమణి: ఆధార్ నకళ్లు పోయినవారికి ఎవరు చెబుతారు? వాళ్లలో నేనుంటే నాకు తెలియాలి కదా.