వెన్న లెక్క లీటర్ల మీదా, కిలోల మీదా? పాల సంఘానికి లేఖ రాయాలి, సాయం చేయండి

మావి రెండు గేదెలు. పాలు ఊరి పాల సంఘానికే పోస్తాం. అక్కడ కిలో వెన్నకు ఇంత అని ధర కడతారు. నిన్నటి చీటీలో పాలు 10 లీటర్లు, వెన్న 7 శాతం, మొత్తం వెన్న 700 గ్రాములు అని ఉంది. నా అనుమానం ఇక్కడే. ఆ శాతం బరువు మీద చెప్పేదైతే, లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి కదా. 10.3 కిలోల్లో 7 శాతం అంటే 721 గ్రాములు రావాలి. తేడా 21 గ్రాములే, కానీ అది ప్రతి పూటా పోతోంది.

కార్యదర్శి గారిని అడిగితే “మిషను చెప్పిందే రాస్తాం” అంటారు. మిషను చెప్పేది శాతమే, గుణించేది మనుషులు!

లేఖ ఇలా మొదలుపెట్టాను: “అయ్యా, మా పాలలోని వెన్నను పాల బరువు మీద లెక్కించి, పాత చీటీలను పునఃపరిశీలించవలసిందిగా మనవి.”

నమూనా తీసే ముందు పాలు బాగా కలపాలని, మిషను ఫలితాన్ని గెర్బర్ పరీక్షతో సరిచూడాలని కూడా ఇందులోనే అడగవచ్చా? లేక ఒక్క అంశమే ఉంచితే మేలా? ఒకవేళ ధరల పట్టికనే లీటర్లకు సరిపోయేలా ముందే సవరించి ఉంటే, ఆ సంగతి ఎలా తెలుసుకోవాలి? సంఘాల్లో పనిచేసినవారు చెప్పగలరు.