పచ్చళ్ల బ్రాండ్ సర్వే: లేని పేరును కూడా విన్నామంటున్నారు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. కూకట్‌పల్లిలో మాకు చిన్న పచ్చళ్ల వ్యాపారం ఉంది. బయట మా పేరుకు ఎంత విలువ ఉందో చూద్దామని రైతుబజార్ దగ్గర 100 మందిని అడిగాం. ఖర్చల్లా జిరాక్సులు, ఇద్దరు డిగ్రీ పిల్లలకు ఇచ్చిన డబ్బులు.

ముందు "పచ్చడి అనగానే గుర్తొచ్చే బ్రాండ్లు చెప్పండి" అన్నాం. మా పేరు చెప్పింది నలుగురే. తర్వాత పేర్ల కార్డు చూపిస్తే 31 మంది మా పేరు విన్నామన్నారు. సంతోషపడేలోపే ఇంకోటి బయటపడింది. కార్డులో కావాలని కలిపిన ఉత్తుత్తి పేరును కూడా 12 మంది విన్నామన్నారు! మొహమాటం కాబోలు. మరి 31లోంచి 12 తీసేసి 19 అనుకోవచ్చా? 100 మందే కాబట్టి 31కి అటూఇటూ 9 శాతం తేడా ఎలాగూ ఉంటుంది.

మా పేరు వినగానే ఏం గుర్తొస్తుందంటే ఎక్కువమంది "నూనె ఎక్కువ" అన్నారు, అది వేరే కథ.

నాణ్యత దగ్గర ఇంకా చిక్కు. "మా ఆవకాయ బాగుంటుందా?" అని మొహం మీద అడిగితే ఎవరూ కాదనరు. అందుకే లేబుల్ లేకుండా, లేబుల్‌తో రుచి చూపించి మార్కులు అడగాలని ఉంది. రెండూ ఒకే మనిషికి ఇవ్వాలా, వేర్వేరు గుంపులకా? "మాది దొరక్కపోతే వేరేది కొంటారా, ఇంకో షాపుకు వెళ్తారా?" అనే ప్రశ్న, జనం మా బ్రాండ్‌నే పట్టుకుని ఉంటారో లేదో తెలుసుకోవడానికి సరిపోతుందా? మా వాట్సాప్ గ్రూపులో అడగను, వాళ్లు ఎటూ మావాళ్లే. ఇలాంటి సర్వే చేసినవాళ్లు కాస్త చెప్పండి.