వాలు భుజాలు, పొట్టి మెడ ఉన్న పెళ్లికూతురి బ్లౌజుకు ఏ మెడ, ఏ వీపు డిజైను నప్పుతుంది?

నమస్కారం. మా చెల్లి ముహూర్తపు పట్టుచీరకు బ్లౌజు కుట్టించాలి. మగ్గం వర్కు మొదలుపెట్టాక మెడ ఆకారం మార్చడం కుదరదు కనుక ముందుగానే అడుగుతున్నాను. జుట్టు పైకి ముడిచి, కెమెరాను భుజాల ఎత్తులో ఉంచి తీసిన ముందు, వెనక ఫొటోలు జతచేశాను.

ఆమె మెడ పొట్టి, భుజాలు బాగా కిందికి వాలి ఉంటాయి. టైలరు బోట్ నెక్ సూచించారు గాని, అది మెడను ఇంకా పొట్టిగా చూపుతుందనీ, కంటెకు చోటు మిగలదనీ నా అనుమానం. అందుకే ముందు 6.5 అంగుళాల లోతున యూ నెక్ అనుకుంటున్నాను.

వెనక 10 అంగుళాల కుండ మెడ కావాలని చెల్లి కోరిక. నిరుడు ఇలాగే ముందూ వెనకా లోతుగా కుట్టించిన బ్లౌజు చెయ్యి ఎత్తినప్పుడల్లా భుజం మీంచి జారింది. తలంబ్రాలు పోసేటప్పుడు రెండు చేతులూ ఎత్తాలి కదా, నా దిగులంతా అదే.

వీపు పైభాగంలో, భుజాలకు దగ్గరగా తాళ్లు పెడితే జారకుండా ఆగుతుందా, లేక వెనక లోతే తగ్గించాలా? పూలజడ వీపు మధ్యభాగాన్ని ఎలాగూ కప్పేస్తుంది కనుక, వర్కును మెడ అంచులకూ చేతులకూ పరిమితం చేయవచ్చునా? ఫొటోలు చూసి, కుట్టుపని తెలిసినవారు దయచేసి చెప్పగలరు.