అమ్మకు తేలు కుట్టి గంటన్నర అయింది, నొప్పి తగ్గడం లేదు. హాస్పిటల్‌కు తీసుకెళ్లాలా?

పత్తిచేను_నర్సంపేట:
మా అమ్మకు 58 ఏళ్లు. రాత్రి ఎనిమిదింటికి పత్తి బస్తాల వెనక చీపురు తీయబోతే కుడికాలి రెండో వేలికి తేలు కుట్టింది. ఇప్పుడు తొమ్మిదిన్నర. సలుపు తొడ దాకా లాగుతోందని ఏడుస్తోంది. తేలును చెప్పుతో కొట్టాం. ఎర్రగా, చిన్నగా ఉంది, అగ్గిపెట్టె కంటే కొంచెం పొడుగు. నాన్న మోకాలి కింద తాడు కట్టాడు. పక్కింటివాళ్లు మంత్రం వేసే తాతను పిలుద్దామంటున్నారు. టౌను మా ఊరికి 14 కిలోమీటర్లు. బుగులు బుగులుగా ఉంది, ఏం చేయాలి?

మండ్రగబ్బ_దోస్త్:
తమ్ముడూ, టెన్షన్ పడకు. చిన్న తేలే కదా. నల్లగా అరచేయంత ఉండే మండ్రగబ్బ అయితే భయపడాలి. ఉల్లిగడ్డ కోసి రుద్దు. పొద్దున్నకల్లా నొప్పి దిగితే విషం దిగినట్టే.

స్టాఫ్_నర్స్_పరకాల:
పై అన్న చెప్పింది తలకిందులుగా ఉంది. ఆ పెద్ద నల్లది కుడితే నొప్పి గట్టిగానే ఉంటుంది కానీ ప్రాణం మీదికి రావడం అరుదు. మన దిక్కు గుండెను, ఊపిరితిత్తులను దెబ్బతీసేది ఈ చిన్న ఎర్ర తేలే. ముందు పట్టుకునే కొండ్లు సన్నగా, తోక లావుగా ఉంటుంది.

తమ్ముడూ, ముందు ఆ తాడు విప్పు. దానివల్ల విషం ఆగదు, కాలు ఉబ్బుతుంది. వేలికి మెట్టె ఉంటే ఇప్పుడే తీయండి, వాపు పెరిగితే తర్వాత రాదు. కోయడం, నోటితో పీల్చడం వద్దు. సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టి, కాసేపు తీసి, మళ్లీ పెట్టండి. లివర్ జబ్బు లేకపోతే, ఈరోజు వేరే జ్వరం మాత్రలు వేసుకోకపోతే, పారాసిటమాల్ 500 ఒకటి లేదా రెండు ఇవ్వొచ్చు. మళ్లీ ఇవ్వాలంటే ఆరు గంటల తర్వాతే.

ఇప్పుడు అమ్మ దగ్గర కూర్చుని చూసి చెప్పు. కుట్టిన చోట కాదు, ఒళ్లంతా చెమట పడుతోందా? వాంతి అయిందా? చేతులు, రెండో కాలు చల్లగా ఉన్నాయా? దగ్గు, ఆయాసం ఉన్నాయా? బీపీ, షుగర్ ఉన్నాయా?

పత్తిచేను_నర్సంపేట:
తాడు విప్పాం అక్కా. మెట్టె రాలేదు, కొబ్బరినూనె రాస్తున్నాం. వాంతి లేదు. నుదుటి మీద చెమట ఉంది కానీ ఏడుస్తోంది కదా, దానివల్లేమో. చేతులు మామూలుగానే ఉన్నాయి. బీపీ మాత్ర రోజూ వేసుకుంటుంది.

హుజూరాబాద్_బుజ్జమ్మ:
నా కొడుకు సంగతి చెప్పనీయండి. రెండేళ్ల కింద మే నెల, వాడికి అప్పుడు ఏడేళ్లు. బూటులో కాలు పెడితే కుట్టింది. పావుగంట గుక్కపట్టి ఏడ్చి, తర్వాత చప్పుడు లేదు. నొప్పి తగ్గిందనుకుని మేం అన్నం తిన్నాం. చూస్తే అంగీ తడిసి ముద్ద. బయట ఎండ మండుతుంటే వీడి చేతులు ఐసుగడ్డల్లా ఉన్నాయి. రెండుసార్లు వాంతి. ఇంకోటి చెప్పడానికి అప్పుడు సిగ్గుపడ్డాం, వాడి అంగం గట్టిపడి అలాగే ఉండిపోయింది. మూత్రం వచ్చిందేమో అనుకున్నాం. ఊళ్లో ఒకాయన దగ్గర రెండు సూదులు వేయించి గంట పోగొట్టాం. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చేతులు పట్టుకుని చూసి వెంటనే ఒక చిన్న మాత్ర మింగించింది, మంచం మీంచి లేపొద్దంది. మూడు గంటల తర్వాత ఇంకోటి ఇచ్చారు. తెల్లారేసరికి కాళ్లు వెచ్చబడ్డాయి.

స్టాఫ్_నర్స్_పరకాల:
ఈ అక్క చెప్పినదాన్ని అందరూ గుర్తుపెట్టుకోండి. కుట్టినచోట మంట ఎంత ఉంది అన్నదాన్ని బట్టి ప్రమాదం తెలియదు. కొందరు గంటల తరబడి అరిచి తెల్లారి పొలానికి పోతారు. విషం ఒళ్లంతా ఎక్కినవాళ్లలో చాలామందికి ఆ చోట నొప్పి పెద్దగా ఉండదు కూడా. ఆ విషం నరాలను రెచ్చగొట్టి ఒంట్లో రక్తనాళాలన్నీ బిగుసుకునేలా చేస్తుంది. అందుకే చేతులు, కాళ్లు చల్లబడతాయి, బీపీ పెరుగుతుంది. ఆ బరువుకు గుండె అలసిపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అప్పుడు ఆయాసం, దగ్గితే నురగ వస్తాయి.

అందుకే పిల్లలకు నొప్పి లేదన్నా ఆగకూడదు, వెంటనే చూపించాలి. తమ్ముడూ, మీ అమ్మది కూడా అదే లెక్క. ఎర్ర తేలు, 58 ఏళ్లు, బీపీ. లక్షణాలు వచ్చేదాకా 14 కిలోమీటర్ల దూరంలో కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయి. బండి మీద కూర్చోబెట్టి తీసుకెళ్లకు, నడిపించకు. ఆ తాతను పిలవడానికి పట్టే టైంలో మీరు సగం దారి పోతారు. చచ్చిన తేలును ఫొటో తీస్తే చాలు, మోసుకుపోవద్దు.

కాజీపేట_రైలుబండి:
పాముకాటు సూది ఉన్న దవాఖానకే తీసుకెళ్లాలి కదా? మా దగ్గరి సెంటర్లో అది అయిపోయిందన్నారు.

స్టాఫ్_నర్స్_పరకాల:
అన్నా, అది పాముకే. తేలు విషానికి వేరే విరుగుడు సూది ఉంది కానీ అన్నిచోట్లా దొరకదు. దానికోసం ఊళ్లు తిరగొద్దు. హుజూరాబాద్ అక్క చెప్పిన మాత్ర పేరు ప్రాజోసిన్. బిగుసుకున్న రక్తనాళాలను అది వదులు చేస్తుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ దీన్ని వాడి ఎందరినో బతికించారు. 2022లో పద్మశ్రీ కూడా వచ్చింది.

మెడికల్_షాపు_హన్మకొండ:
ఆ మాత్ర ఇంట్లో ఒక స్ట్రిప్ పెట్టుకుంటే సరిపోతుంది కదా మేడం? ధర కూడా ఎక్కువేం కాదు. చేలల్లో పనిచేసేవాళ్లకు నేనే ఇస్తా.

స్టాఫ్_నర్స్_పరకాల:
వద్దు సార్. లెక్క బరువును బట్టి ఉంటుంది, కిలోకు 30 మైక్రోగ్రాములు. అంటే 20 కిలోల పిల్లాడికి 600, ఒక మిల్లీగ్రాము మాత్రలో సగం కంటే కొంచెం ఎక్కువ. షాపులో ఎక్కువగా దొరికేది నెమ్మదిగా కరిగే రకం, దాన్ని విరవకూడదు. పైగా అవసరం లేనివాళ్లు వేసుకుని లేచి నిలబడితే బీపీ పడిపోయి కింద పడతారు. బీపీ చూసే మనిషి పక్కన ఉండాలి.

మెడికల్_షాపు_హన్మకొండ:
మీరన్నది ఒప్పుకుంటా. కానీ ములుగు అడవి ఊళ్లలో వానాకాలం రాత్రి బండే రాకపోతే? అక్కడి ఆశా కార్యకర్త దగ్గరైనా ఉండాలనే నా మాట.

స్టాఫ్_నర్స్_పరకాల:
దానికి నా దగ్గర జవాబు లేదు సార్.

మండ్రగబ్బ_దోస్త్:
సరే మేడం, నేర్చుకున్నా. అయితే ఐసు కాదు, వేడినీళ్లలో పెడితే మా బాపుకు హాయిగా ఉండేది. అది కూడా తప్పేనా?

స్టాఫ్_నర్స్_పరకాల:
మేం ఐసే చెప్తాం. వేడినీళ్లతో తగ్గిందన్నవాళ్లూ ఉన్నారు, కాదనను. తిమ్మిరెక్కిన కాలికి వేడి తెలియక బొబ్బలెక్కినవాళ్లను మాత్రం చూశాను.

పత్తిచేను_నర్సంపేట:
రాత్రి మళ్లీ రాయడానికి కుదరలేదు. 108 వచ్చేసరికి పదిన్నర. దారిలోనే అమ్మకు ఒకసారి వాంతి అయింది, చేతులు కొంచెం చల్లబడ్డాయి. హాస్పిటల్లో బీపీ 180 దాటింది. ప్రాజోసిన్ ఇచ్చారు, ఈసీజీ తీశారు, వేలి మొదట్లో మత్తు సూది వేస్తే రెండు నిమిషాల్లో ఏడుపు ఆగింది. టీటీ సూది కూడా వేశారు. ఇప్పుడు చేతులు వెచ్చగా ఉన్నాయి, ఇంకో రాత్రి ఉంచుతామన్నారు. మెట్టె మాత్రం కత్తిరించాల్సి వచ్చింది. పెళ్లినాటిదని అమ్మ దానికి ఇంకా ఏడుస్తోంది.