జాబ్ కార్డులో డౌన్‌టైమ్ ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా? ప్లాంట్ హెడ్‌కి ఏ లెక్క ఇవ్వాలి?

పరవాడ ప్లానర్

మాది పరవాడ దగ్గర ఒక కెమికల్ ప్లాంట్. నేను మెయింటెనెన్స్ ప్లానింగ్‌లో కొత్త. చేతిరాత జాబ్ కార్డుల్లోంచి మెషిన్, ఫాల్ట్, వాడిన పార్టులు, డౌన్‌టైమ్, టెక్నీషియన్ ఈ ఐదూ తీసి నెలాఖరుకి ప్లాంట్ హెడ్‌కి రిపోర్టు ఇవ్వాలి. ఒక కూలింగ్ వాటర్ పంప్ కార్డు దగ్గర ఆగిపోయాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"CWP-204B. సౌండ్. మొదలు 12వ తేదీ 22:40. పూర్తి 14వ తేదీ 16:10. బేరింగ్ 6312 రెండు, ఆయిల్ సీల్ ఒకటి. మార్చి ట్రయల్ ఇచ్చాం, ఓకే." కింద ఫిట్టర్ సంతకం, ఇద్దరు హెల్పర్ల పేర్లు.

తీసివేస్తే 41 గంటల 30 నిమిషాలు. మెయింటెనెన్స్ సార్ "మా వాళ్లు పనిచేసింది 9 గంటలే, అదే రాయి" అంటున్నారు. ప్రొడక్షన్ వాళ్లు "స్టాండ్‌బై పంప్ నడిచింది, సున్నా రాయి" అంటున్నారు. ఏది రాయాలి?

షిఫ్ట్ ఇన్‌చార్జ్ దువ్వాడ

నేను ప్రొడక్షన్ మనిషిని, సూటిగా చెప్తాను. సున్నా. స్టాండ్‌బై 204A నడిచింది కదా, కూలింగ్ వాటర్ ఒక్క నిమిషం ఆగలేదు. ప్లాంట్ హెడ్ చూసేది ఎన్ని టన్నులు పోయాయన్నది. ఏమీ పోని చోట 41 గంటలని కనబడితే ఆయనకి అనవసరమైన టెన్షన్, మనకి అనవసరమైన మీటింగు.

ఎక్సెల్ మాస్టర్ గాజువాక

బ్రదర్, ముందు మీ తీసివేత సరిచూసుకోండి. సి షిఫ్టు కార్డుల్లో 23:30కి మొదలై 02:15కి ముగిస్తే మైనస్ వచ్చి గడి నిండా #### పడుతుంది. నేను అన్ని కార్డులకీ ఇదే వాడతాను, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు:

```
=MOD(E2-D2,1)
```

నలభై ఏళ్ల మెయింటెనెన్స్

ఎక్సెల్ మాస్టర్ గారూ, ఒక్క రాత్రిలో ముగిసే పనికి మీ సూత్రం సరిపోతుంది. ఈ కార్డుకి పెట్టి చూడండి. 22:40 నుంచి 16:10 అంటే 17:30 చూపిస్తుంది. ఒక రోజు మొత్తం మాయమైపోతుంది, గడిలో ఎర్రరంగు కూడా రాదు. 41:30 కంటే 17:30 నమ్మబుద్ధి వేస్తుంది కాబట్టి ఎవరూ అనుమానించరు. తేదీ, టైమ్ విడివిడి గడుల్లో ఎక్కించి కలిపి తీసివేయాలి:

```
=(F2+G2)-(D2+E2)
```

D, F తేదీలు, E, G టైములు. గడి ఫార్మాట్ `[h]:mm` పెట్టాలి. ఆ బ్రాకెట్లు లేకుండా `h:mm` పెడితే లెక్క సరిగ్గా వచ్చినా కంటికి మళ్లీ 17:30 కనబడుతుంది. ఒకే తప్పు రెండు దారుల్లో వస్తుంది కాబట్టి, ఒకదాంతో ఇంకోదాన్ని సరిచూసుకుని నిశ్చింతగా ఉండిపోతారు. నేను అలా ఉన్నవాణ్ణే.

సి షిఫ్టులో ఇంకో సంగతి. చాలామంది షిఫ్టు మొదలైన తేదీనే రెండు చోట్లా వేస్తారు. తీసివేత మైనస్ వచ్చిందంటే కార్డు తప్పని తెలుస్తుంది, అడిగి దిద్దుకోవచ్చు. అందుకే మైనస్‌ని సూత్రంతో దాచేయకండి, మైనస్ వచ్చిన కార్డులు పక్కకి తీయండి.

ఇక అసలు ప్రశ్న. బాబూ, ఆ 41:30ని ముక్కలు చేశావా? పర్మిట్ బుక్కు, స్టోర్స్ ఇష్యూ స్లిప్పు తెప్పించుకుని ఆ కార్డు పక్కన పెట్టి చూడు. చూసి ఇక్కడ రాయి, అప్పుడు మాట్లాడుకుందాం.

కూర్మన్నపాలెం కుర్రాడు

చేతిరాత కార్డులంటున్నారు కదా, ఫోన్‌తో స్కాన్ చేసి టైప్ చేసే యాప్ ఏదైనా పెట్టుకోవచ్చుగా? మా అకౌంట్స్‌లో బిల్లులకి అదే చేస్తున్నాం, గంట పని పది నిమిషాల్లో అయిపోతుంది.

పరవాడ ప్లానర్

అన్నా, చదవడం కష్టం కాదు. కార్డులో లేనిదాన్ని యాప్ కూడా చదవలేదు.

నలభై ఏళ్ల సార్, మీరన్నట్టే తెప్పించాను. రాత్రి 22:40కి కార్డు రాశారు. స్టాండ్‌బై ఉందని ఐసోలేషన్ పర్మిట్ పొద్దున్న 8:30కి ఇచ్చారు. అంటే 9 గంటల 50 నిమిషాలు ఎవరూ పంపుని ముట్టుకోలేదు. 8:30 నుంచి 11:30 దాకా విప్పారు, 3 గంటలు. స్టోర్స్‌లో 6312 లేదు. కొనుగోలు కాగితం మీద సంతకాలు అయ్యి, ఆటోనగర్ నుంచి బేరింగులు వచ్చేసరికి మర్నాడు 10:15. అది 22 గంటల 45 నిమిషాలు. అక్కణ్ణుంచి బిగించి, అలైన్‌మెంట్ చూసి, గంటసేపు ట్రయల్ నడిపి 16:10కి అప్పగించారు, 5 గంటల 55 నిమిషాలు. అన్నీ కలిపితే సరిగ్గా 41:30.

చేతులు పెట్టి పనిచేసింది 8 గంటల 55 నిమిషాలు. సార్ చెప్పిన 9 గంటలు అబద్ధం కాదన్నమాట.

నలభై ఏళ్ల మెయింటెనెన్స్

చూశావా, నువ్వడిగిన మూడు అంకెల్లో ఏదీ తప్పు కాదు. మూడూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. పంప్ ఎంతసేపు లేదు? 41:30. మనవాళ్లకి బాగుచేయడానికి ఎంతసేపు పట్టింది? 8:55. ఉత్పత్తి ఎంత పోయింది? సున్నా. ఆయిల్, గ్యాస్, పెట్రోకెమికల్ ప్లాంట్లలో ఈ వివరాలు ఎలా రాసుకోవాలో చెప్పే ISO 14224 కూడా మెషిన్ లేని సమయాన్నీ, చేతులు పెట్టి పనిచేసిన సమయాన్నీ విడదీసే అడుగుతుంది. మూడింటికీ మూడు గళ్లు పెట్టు. ఆగిపోయిన 32 గంటల 35 నిమిషాలకి ఇంకో గడి పెట్టి, దేనికోసం ఆగారో రాయి: పర్మిట్, స్పేరు.

ఎందుకంటే 41:30 ఒక్కటే చూస్తే ప్లాంట్ హెడ్ "ఇంకో ఇద్దరు ఫిట్టర్లని వేద్దామా" అంటాడు. 8:55 ఒక్కటే చూస్తే "భేష్" అని పేజీ తిప్పేస్తాడు. విడదీసి చూపిస్తే "ఆ బేరింగ్ స్టోర్స్‌లో ఎందుకు లేదు" అని అడుగుతాడు. ఆ పంపుకి కావలసింది ఆ ప్రశ్నే.

షిఫ్ట్ ఇన్‌చార్జ్ దువ్వాడ

సార్, మీ అనుభవానికి దండం. కానీ మొదటి పేజీలో మాత్రం ఉత్పత్తి నష్టమే ఉండాలంటాను. స్టాండ్‌బై పెట్టుకున్నదే ఇలాంటి రోజు కోసం కదా.

నలభై ఏళ్ల మెయింటెనెన్స్

ఆ రెండు రాత్రులూ 204Aకి స్టాండ్‌బై ఎవరు బాబూ? ఆ సమయంలో అది కూడా ట్రిప్ అయి ఉంటే కూలింగ్ వాటర్ లేదు. సున్నా అని రాస్తే ఆ 41 గంటల ప్రమాదం కాగితం మీదే ఉండదు.

ఫిట్టర్ పెదగంట్యాడ

నేను ఫిట్టర్ని, ఈ కార్డులు రాసేవాణ్ణి. ఒక మాట చెప్పాలి. వెనకటికి నేను పనిచేసిన చోట ఒక గేర్‌బాక్స్ పని. షాఫ్ట్ సీల్ రాక ఒక రోజంతా కూర్చున్నాం. నెలాఖరు రిపోర్టులో నా పేరు ఎదురుగా 26 గంటలు పడింది. పక్క షిఫ్టు ఫిట్టర్ పేరు ఎదురుగా 4. పిలిచి అడిగారు, "నీకెందుకు ఇంతసేపు పడుతోంది" అని. నేను పనిచేసింది ఐదు గంటలు. ఆ కాగితం మీద స్పేరు కోసం ఆగామని ఎక్కడా లేదు. చాలా బాధపడ్డాను.

అందుకని టెక్నీషియన్ పేరు రాయండి, వద్దనను. మళ్లీ అదే పంప్ చెడితే ఎవరిని అడగాలో తెలియాలి. కానీ పేరు పక్కన గంటలు వేసి ప్లాంట్ హెడ్‌కి పంపకండి. అలా పంపిన మర్నాటి నుంచి కార్డుల మీద నిజం రాయరు.

ఇంకోటి. కార్డు మేము పని అయ్యాక, చేతులకి గ్రీజుతో, నిలబడి గుర్తున్నంత రాస్తాం. "మొదలు" అంటే కార్డు మా చేతికొచ్చిన టైమ్. పంప్ ఆగిన టైమ్ మాకు తెలియదు.

నలభై ఏళ్ల మెయింటెనెన్స్

తమ్ముడూ, చాలా పెద్ద మాట చెప్పావు. ప్లానర్ బాబూ, కంట్రోల్ రూమ్ లాగ్‌బుక్కులో 204B ఎప్పుడు ఆగిందో చూడు.

ఫాల్ట్ గడి సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. "సౌండ్" ఆపరేటర్ విన్నది. "బేరింగ్ పోయింది" ఫిట్టర్ చూసింది. ఎందుకు పోయిందన్నది మూడోది, అది నీ కార్డులో లేదు. నువ్వు ఊహించి "లూబ్రికేషన్" అని నింపకు. ఖాళీగా వదిలేసి ఆ ఫిట్టర్ని అడుగు, పాత బేరింగ్ పారేయకపోతే చూడు.

మెషిన్ పేరు కూడా చూసుకో. కార్డుల్లో "204 B", "CWP-2", "కూలింగ్ పంప్ 2" అని ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. అవన్నీ ఒకే ట్యాగ్ కింద చేర్చకపోతే నాలుగు మెషిన్లు ఒక్కోసారి చెడినట్టు కనబడుతుంది. నిజానికి ఒకే మెషిన్ నాలుగుసార్లు చెడి ఉంటుంది.

పరవాడ ప్లానర్

ఈ రోజు పొద్దున్న కింద షాప్‌లోకి వెళ్లాను. ఫిట్టర్ పాత బేరింగ్ దాచి ఉంచారు, నా చేతిలో పెట్టారు. తిప్పితే గరగరమని పట్టేస్తోంది. లోపలి బాల్స్ మీద గోధుమరంగు తుప్పు. విప్పినప్పుడు ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉందట, అంటే నీళ్లు కలిశాయి. కార్డులో "ఆయిల్ సీల్ ఒకటి" అని ఎందుకుందో అప్పుడు అర్థమైంది. పాత సీల్ పెదవి చిరిగి ఉంది. నేను దాన్ని పార్టుల గడిలో వేసేసి వదిలేశాను.

పేర్లన్నీ ఒకే ట్యాగ్ కిందకి తెచ్చి పాత కార్డులు వెతికితే, "CWP-2" అని మూడు నెలల కిందటి కార్డు ఒకటి దొరికింది. అప్పుడూ 6312 రెండు మార్చారు. సీల్ మార్చినట్టు లేదు. స్టోర్స్‌లో బేరింగులు అయిపోయింది ఆ రోజే. మళ్లీ తెప్పించలేదు.

లాగ్‌బుక్కులో 204B ఆగింది 21:50కి. బి షిఫ్టు దిగి సి షిఫ్టు ఎక్కే సమయం, కార్డు 50 నిమిషాలు ఆలస్యంగా పుట్టింది. కాబట్టి పంప్ లేని సమయం 42:20, పని సమయం అదే 8:55, ఆగింది 33:25. ఉత్పత్తి నష్టం సున్నా. స్టాండ్‌బై లేకుండా 204A నడిచింది 42:20.

షిఫ్ట్ ఇన్‌చార్జ్ దువ్వాడ

ఆ చివరి అంకె పెట్టావు కాబట్టి సున్నా పక్కన అది ఉండనీ, అభ్యంతరం లేదు. కానీ మొదటి పేజీలో వద్దనే ఇప్పటికీ అంటాను. రెండో పేజీలో పెట్టు.

ఎక్సెల్ మాస్టర్ గాజువాక

నా పాత షీట్లు తీసి చూశాను. 24 గంటలు దాటిన కార్డులు ఆరు ఉన్నాయి, ఆరింట్లోనూ రోజులు పోయాయి. మా మేనేజర్ గారికి సరిచేసిన షీట్ పంపుతున్నాను.

పరవాడ ప్లానర్

మా సార్‌కి చూపించాను. టెక్నీషియన్ గడి రిపోర్టులోంచి తీసి మా దగ్గరి షీట్‌లోనే ఉంచడానికి ఒప్పుకున్నారు. ఆగిన 33:25 మాత్రం "స్పేరు" అని రాస్తే స్టోర్స్ వాళ్లు గొడవ చేస్తారు, "ఇతరములు" అని రాయమంటున్నారు. నేను "స్పేరు 22:45, పర్మిట్, కార్డు ఆలస్యం 10:40" అని రాసి ఆయన టేబుల్ మీద పెట్టాను. ఇంకా సంతకం పెట్టలేదు.