అప్‌డేట్: అమ్మ అమెరికా వీసా ఫారం DS-160లో సింగపూర్ ట్రిప్, చెల్లి డెలివరీ

నా ప్రశ్న: పాత పాస్‌పోర్ట్‌లో ఉన్న సింగపూర్ ట్రిప్ రాయాలా? చెల్లి డెలివరీకి వెళ్తున్నామనాలా, టూరిజం అంటే చాలా?

అప్‌డేట్: వీసా వచ్చింది. ఫారం అడిగేది గత 5 ఏళ్లలో వెళ్లిన దేశాలు, పాస్‌పోర్ట్ మారినా సరే. సింగపూర్ ఆ లోపే కాబట్టి రాశాం. అమెరికాకు ఇదివరకు వెళ్లిన తేదీలు I-94 సైట్‌లో చూసి వేశాం; అమ్మ జ్ఞాపకానికీ దానికీ నెల తేడా!

ఏజెంట్ "టూరిజం" అని నింపి సబ్మిట్ చేసేశాడు. సబ్మిట్ అయ్యాక దిద్దడం కుదరదు. కొత్త ఫారం నింపి, ఆ ఫారం నంబర్‌నే అపాయింట్‌మెంట్‌లోనూ మార్పించాం. వీసా రకం అదే B2. అందులో రాసిన చెల్లి ఇంటి అడ్రస్, ఖర్చు భరించేది చెల్లే అన్న వివరం డెలివరీ మాటతో సరిపోయాయి. ఇంటర్వ్యూలో ఎందుకు వెళ్తున్నారంటే, "మా అమ్మాయి పురిటికండీ" అంది అమ్మ.