‘ప్రకటన’ అంటే వార్తా, అడ్వర్టయిజ్‌మెంటా? మా బత్తాయి ప్రెస్‌నోట్ సంగతి

బత్తాయితోట (నల్లగొండ):
అందరికీ నమస్తే. మా రైతు సంఘం కాయల్ని సైజు వారీగా వేరుచేసే గ్రేడింగ్ యంత్రం తెచ్చింది. వచ్చే 14న ప్రారంభం. పేపర్లకు పంపే నోట్ నేనే రాసిన. మెయిల్ సబ్జెక్టులో ‘పత్రికా ప్రకటన’ అని పెట్టిన. ఒక పేపరు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "మేడం, ప్రకటనలు యాడ్ సెక్షన్‌కు పంపాలె, కాలమ్ సెంటీమీటరుకు ఇంత" అని రేటు చెప్పిన్రు. ‘ప్రకటన’ మాటకు రెండర్థాలు ఉండుడు వల్లనే ఇట్లయిందా? వేరే మాట ఏం వాడాలె?

నోట్ మొదలు ఇది:
"బత్తాయి రైతులకు శుభవార్త! అత్యాధునిక సాంకేతిక పరిజ్ఞానంతో, రైతే రాజు అన్న సంకల్పంతో మా సంఘం సగర్వంగా సమర్పిస్తున్న, జిల్లాలోనే మొట్టమొదటి గ్రేడింగ్ యంత్రం ఇక మీ ముంగిట్లో! నేడే సంప్రదించండి."

తెలుగుపంతులు (మహబూబ్‌నగర్):
అమ్మా, ప్రకటన అంటే వెల్లడి చేయడం. మంత్రి చేసినా ప్రకటనే, సబ్బుల కంపెనీ వేసినా ప్రకటనే. తేడా చూపాలంటే రెండోదాన్ని ‘వాణిజ్య ప్రకటన’ అంటాం. మీ మాటలో తప్పులేదు. ‘పత్రికా ప్రకటన’ అని ప్రభుత్వ శాఖలు కూడా రాస్తాయి. వాడుకలో మాత్రం విలేకరులంతా ‘ప్రెస్‌నోట్’ అనే అంటారు, మీరూ అదే పెట్టండి.

ఫ్లెక్సీప్రింటింగ్ (మిర్యాలగూడ):
అక్కా, నోట్ మంచిగనే ఉంది. ‘శుభవార్త’ ఎర్ర రంగులో పెద్దగ పెట్టి, యంత్రం ఫొటో పక్కన అధ్యక్షుని ఫొటో వేస్తే అదిరిపోతది. డిజైన్ నేను చేసిస్త. జేపీజీ ఫైలు గ్రూపుల్లో వేస్తే చాలు.

పాతడెస్కు (నల్లగొండ):
తమ్ముడు చెప్పింది ఫ్లెక్సీకి సరిపోతది, పేపరుకు కాదు. జేపీజీలోని అక్షరాలు నేరుగా కాపీ కావు. రాత్రి జిల్లా పేజీ కట్టే సబ్ ఎడిటర్ కూర్చొని మళ్ళీ టైప్ చేయాలె. చెయ్యడు. నోట్ యూనికోడ్‌లో, మెయిల్ లోపలనే ఉండాలె. ఫొటో వేరే పంపాలె.

పదహారేండ్లు డెస్కులో ఉన్న. బత్తాయితోట గారూ, మీ నోట్ యాడ్ సెక్షన్‌కు పోవడానికి సబ్జెక్టు లైను కారణం కాదనుకుంట. లోపలి వాక్యం చూసే పంపి ఉంటరు. ‘మీ ముంగిట్లో’లో ఆ ‘మీ’ ఎవరు? ‘సంప్రదించండి’ అని ఎవరికి చెప్తున్నరు? నోట్ చదివేటోడు విలేకరి, ఆయనకు బత్తాయి తోట లేదు. వార్తల ‘మేము’, ‘మీరు’ ఉండయి. ‘రండి, వాడుకోండి’ యాడ్ అయితది, ‘రైతులు వాడుకోవచ్చు’ వార్త అయితది. ‘సమర్పిస్తున్న’ కూడా అంతే, అది సినిమా వాల్‌పోస్టర్ మీద ఉండే మాట. యంత్రాన్ని ప్రారంభిస్తరు.

బత్తాయితోట:
విశేషణాలన్నీ తీసేసి మళ్ళీ రాసిన సార్:
"బత్తాయి గ్రేడింగ్ యంత్రాన్ని రైతు సంఘం ఈ నెల 14న ప్రారంభించనుంది."
ఇంక ఏమీ మిగల్లేదు.

కాలేజీకుర్రాడు (సూర్యాపేట):
మేడం, మా కాలేజీ ఫెస్ట్‌కు మేం చేసే పద్ధతి చెప్తా. పొగడ్తలన్నీ అధ్యక్షుడు అన్నట్టు కొటేషన్‌లో పెట్టాలి. "ఈ యంత్రం విప్లవాత్మకమైనదని అధ్యక్షుడు తెలిపారు" అంటే అది ఆయన మాట అవుతుంది, మనది కాదు.

పాతడెస్కు:
సగం నిజం తమ్మీ. అభిప్రాయం ఎవరిదో చెప్పాలె, అది కరెక్టే. కానీ ఉత్త పొగడ్తను కొటేషన్‌ల పెడితే సబ్ ఎడిటర్ ముందు కొట్టేసేది దాన్నే. ఆ మనిషే చెప్పగల ముచ్చట ఉంటేనే ఆ వాక్యం నిలబడతది.

బత్తాయితోట గారూ, ఏమీ మిగల్లేదంటే ముందు నుంచే లోపల ఏమీ లేదన్నట్టు. ‘అత్యాధునిక’ తీసేసినంక ఆ జాగల ఏం పెట్టాలెనో చూడండి. గంటకు ఎన్ని టన్నులు? చేతితో ఏరితే ఎంత అయ్యేది? టన్నుకు ఎంత తీసుకుంటరు? సభ్యులు కానోళ్ళు రావచ్చా? అసలు యంత్రం ఎందుకు కొన్నరు?

బత్తాయితోట:
గంటకు రెండు టన్నులు, మూడు సైజులు. చేతితో అయితే పది మంది ఆడోళ్ళు రోజంతా ఏరితే అయిదారు టన్నులు. టన్నుకు 300 రూపాయలు, ఎవరైనా రావచ్చు. ఎందుకు కొన్నమంటే, కలగలుపు కాయ తీస్కపోతే మార్కెట్ల చిన్న కాయను చూపించి మొత్తం లోడుకు ధర తగ్గిస్తున్నరు. మా అధ్యక్షుడు పోయినేడు ఒక లోడు అట్లనే అమ్ముకొని వచ్చి, అదే వారం మీటింగ్ పెట్టిండు.

పాతడెస్కు:
గదే వార్త! ఇంత సరుకు చేతిల పెట్టుకొని ‘శుభవార్త’ అని మొదలుపెట్టిన్రు. ఇట్ల రాయండి:

"నల్లగొండ: బత్తాయిని గంటకు రెండు టన్నుల చొప్పున మూడు సైజులుగా వేరుచేసే యంత్రాన్ని రైతు సంఘం ఈ నెల 14న ప్రారంభించనుంది. టన్నుకు రూ.300 రుసుముతో సభ్యులు కాని రైతులూ దీన్ని వాడుకోవచ్చు. చిన్న కాయ కలిసిందన్న కారణంతో మార్కెట్లో మొత్తం లోడుకు ధర తగ్గిస్తుండటంతో యంత్రం కొనాలని నిర్ణయించినట్లు సంఘం అధ్యక్షుడు తెలిపారు."

దాని కింద చేతితో పది మంది ఆడోళ్ళు ఏరితే రోజుకు ఎంత అయ్యేదో ఒక వాక్యం, అధ్యక్షుని లోడు సంగతి ఆయన మాటల్లోనే రెండు వాక్యాలు. ఫోన్ నంబరు నోట్ చివర, విలేకరి కోసం. ‘జిల్లాలోనే మొట్టమొదటి’ అన్నదానికి రుజువు ఉందా? లేకుంటే తీసేయండి. తెల్లారి ఇంకో ఊరాయన ఫోన్ చేసి "మా దగ్గర రెండేండ్ల నుంచే ఉంది" అంటే, మాట పడేది ఆ విలేకరి. తర్వాత మీ నోట్ ముట్టుకోడు.

బత్తాయితోట:
సార్, మా అధ్యక్షుడు ఇది చూసి తన పేరు పక్కన ‘గారు’ ఏదని అడుగుతున్నడు.

తెలుగుపంతులు:
‘తెలిపారు’లోనే గౌరవం ఉందని చెప్పండి. ముఖ్యమంత్రి పేరు పక్కన కూడా పేపర్లు ‘గారు’ వేయవు. మీరు పెట్టి పంపినా డెస్కు తీసేస్తుంది. ఇంకో మాట. పాతడెస్కు గారి ‘రుసుము’ నాకు నచ్చలేదు. అది ఆఫీసు మాట. రైతు ‘కిరాయి’ అంటాడు.

పాతడెస్కు:
కిరాయి ట్రాక్టర్‌కు అంటరు సార్, కాయను యంత్రంల పోసి తీసుకునేదానికి అది సరిపోతదా? మాకు డెస్కుల ‘రుసుము’ అలవాటు. చర్చ చేయొచ్చు.

బత్తాయితోట:
మొదటి వాక్యంల సంఘం పూర్తి పేరు ఉండాలంటున్నరు మావోళ్ళు. తొమ్మిది మాటల పేరు.

పాతడెస్కు:
మొదటి వాక్యంల ‘రైతు సంఘం’ చాలు, రెండో పేరాల పూర్తి పేరు ఒక్కసారి. పేరు ముందుండాలనే వాళ్ళు మా పేపర్లనే ఉన్నరు, కాబట్టి ఒక్కటే పద్ధతి అనను.

బత్తాయితోట:
ఇయ్యాల పొద్దున సబ్జెక్టుల ‘ప్రెస్‌నోట్: 14న బత్తాయి గ్రేడింగ్ యంత్రం ప్రారంభం’ అని పెట్టి పంపిన. మధ్యాహ్నమే ఒక విలేకరి ఫోన్ చేసిండు. రేటు మాట ఎత్తలేదు. ఒకటే అడిగిండు: "ఇంతకుముందు చేతితో ఏరిన ఆ పది మంది ఆడోళ్ళకు ఇప్పుడు పని ఏంది?" నేను జవాబు చెప్పలేక, కనుక్కొని చెప్తనన్న. ఇది కూడా నోట్‌ల రాయాలెనా?

కాలేజీకుర్రాడు:
మనకు ఇబ్బంది కలిగించేది మనమే ఎందుకు రాయాలి మేడం?

పాతడెస్కు:
నేనైతే రాస్త. చేతితో ఏరితే ఎంత అయితదో మనమే రాసినం, చదివినోడు ఆ చేతులు ఎవరివని అడుగుతడు. ముందు ఆ ఆడోళ్ళను అడిగిన్రా?

బత్తాయితోట:
లేదు సార్. సాయంత్రం తోటకు పోతున్న. అడిగి రాస్త.